డాలరిస్తే చిల్లరెంత?

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో రెండో తరగతి పిల్లల చేతికొచ్చే చిల్లర లెక్క చూడ్డానికి చిన్నదే. అందులో తడబడుతున్నది మాత్రం ఒక్క పిల్లలే కాదు.

‘అర్జున్ 63 సెంట్ల పెన్సిల్ కొన్నాడు. షాపులో ఒక డాలర్ ఇచ్చాడు. తిరిగి ఎంత చిల్లర వస్తుంది?’

వర్క్‌షీట్ మీద ఇలాంటివి అరడజను లెక్కలుంటాయి. కింద పేరు రాయడానికి ఒక గీత, పక్కన నాణేల బొమ్మలు. వందలోంచి 63 తీసేస్తే 37. నాన్న అయితే ఫోన్‌లోంచి తలెత్తకుండానే చెప్పేస్తాడు. పిల్లవాడు కూడా కాసేపు కుస్తీ పట్టి 37 అని రాస్తాడు. మాస్టారు టిక్కు పెడతారు. కథ అక్కడితో అయిపోయినట్టే కనిపిస్తుంది.

అదే పిల్లవాడి ముందు గుప్పెడు నాణేలు పోసి ‘ఏదీ, ఆ 37 సెంట్లు తీసి నా చేతిలో పెట్టు’ అనండి. అసలు లెక్క అప్పుడు మొదలవుతుంది. చాలామంది పిల్లలు ముందు నికెల్ మీద చెయ్యి వేస్తారు, ఎందుకంటే అది డైమ్ కన్నా పెద్దగా ఉంటుంది. కొందరు 37 పెన్నీలు ఏరడం మొదలుపెడతారు. తప్పని ఎలా అంటాం? అవీ 37 సెంట్లే. తీసివేత వచ్చిన పిల్లవాడికి చిల్లర రాకపోవడం వింతేమీ కాదు. ఆ రెండూ వేర్వేరు విద్యలు. వర్క్‌షీట్ ఒకదాన్నే అడిగి రెండూ వచ్చేశాయనుకుంటుంది.

ప్లెయిన్స్‌బరో వంటి ఊళ్లో ఈ తేడా ఇంకాస్త ఎక్కువగా బయటపడుతుంది. తెలుగు కుటుంబాలు బాగా ఉన్న ఈ టౌన్‌షిప్‌లో పిల్లలు రెండో తరగతికి వచ్చేసరికే కూడికలు, తీసివేతలు గడగడా చేసేస్తారు. చాలా ఇళ్లలో సాయంత్రం పూట వేరే లెక్కల క్లాసు కూడా ఉంటుంది. కానీ అమ్మ కార్డు గీకడమో ఫోన్ ఆనించడమో తప్ప, నోటిచ్చి చిల్లర తీసుకోవడం ఆ పిల్లలు చూసే సందర్భాలు తక్కువ. అమెరికాలో రెండో తరగతి లెక్కల ప్రమాణాల్లో డాలర్ నోట్లు, క్వార్టర్లు, డైములు, నికెల్‌లు, పెన్నీలతో రాతలెక్కలు చేయడం ఒక అంశం. డాలర్లనూ సెంట్లనూ కలిపి చుక్క పెట్టి రాసే దశాంశాలు మాత్రం నాలుగో తరగతి దాకా రావు. అందుకే రెండో తరగతి లెక్క సాధారణంగా డాలర్ లోపలే తిరుగుతుంది. ఆ చిన్న జాగాలోనే ఇన్ని మెలికలు ఉంటాయని పెద్దవాళ్లకు తట్టదు.

అంకె లేని నాణెం

మొదటి మెలిక నాణెంలోనే ఉంది. మన రూపాయి బిళ్లల మీద 1, 2, 5, 10 అని అంకె పెద్దగా కనిపిస్తుంది. చదువు రానివాళ్లు కూడా పోల్చుకోగలరు. అమెరికా చిల్లర నాణేల మీద విలువ అంకెల్లో ఉండదు, అంతా అక్షరాల్లోనే. పెన్నీ మీద ‘వన్ సెంట్’, నికెల్ మీద ‘ఫైవ్ సెంట్స్’, క్వార్టర్ మీద ‘క్వార్టర్ డాలర్’ అని ఉంటుంది. డైమ్ మీదైతే ‘వన్ డైమ్’ అని తప్ప పది అన్న మాటే కనిపించదు. డైమ్ అంటే పది సెంట్లని ముందే తెలిసినవాడికే ఆ నాణెం అర్థమవుతుంది.

పైగా దాని సైజొకటి. నాణేలన్నిటిలోకీ చిన్నది డైమే. అడ్డకొలత 17.91 మిల్లీమీటర్లు. ఒక్క సెంటు పెన్నీయేమో 19.05, అయిదు సెంట్ల నికెల్ 21.21, క్వార్టర్ 24.26. విలువ పెరిగేకొద్దీ సైజు పెరుగుతుందని పిల్లలు తమంతట తాము అనుకుంటారు. అలా అనుకోవడం న్యాయమే. డైమ్ దగ్గరికొచ్చేసరికి ఆ న్యాయం తలకిందులవుతుంది.

దీనికి కారణం చరిత్రలో ఉంది. 1792లో అమెరికా నాణేల చట్టం వచ్చినప్పుడు డైమ్, క్వార్టర్ రెండూ వెండి నాణేలు. డాలర్లో ఎంత వెండి ఉంటుందో దాంట్లో పదో వంతు డైమ్‌కు, నాలుగో వంతు క్వార్టర్‌కు. వెండిని బట్టి సైజు వచ్చింది. నికెల్ ఆ కుటుంబంలోది కాదు. 1866లో రాగి, నికెల్ లోహాలు కలిపి దాన్ని విడిగా చేశారు. చవక లోహం కాబట్టి పెద్దగా చేసినా నష్టం లేకపోయింది. 1965 చట్టంతో డైములు, క్వార్టర్ల నుంచి వెండి పోయింది గానీ బరువుల పాత నిష్పత్తి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు డైమ్ బరువు 2.268 గ్రాములు, క్వార్టర్ 5.67. సరిగ్గా రెండున్నర రెట్లు.

దీన్ని వంటింట్లో చూపించవచ్చు. పిండి తూచే డిజిటల్ కాటా మీద పది డైములు పెట్టండి. వాటిని తీసేసి నాలుగు క్వార్టర్లు పెట్టండి. రెండుసార్లూ 23 గ్రాములకు దగ్గరగానే చూపిస్తుంది. అదీ డాలరే, ఇదీ డాలరే, తూకం ఒకటే. తర్వాత ఇరవై నికెల్‌లు పెడితే కాటా వంద గ్రాములు అంటుంది. డైమూ క్వార్టరూ ఒక వంశం, నికెల్ వేరే వంశం అన్న సంగతి పిల్లల మనసులో పడడానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. సైజు చూసి విలువ కట్టకూడదని పదిసార్లు చెప్పేకన్నా ఇది నయం.

వర్క్‌షీట్ చేసేవాళ్లు ఇక్కడ తెలియకుండానే ఇంకో చిక్కు తెచ్చిపెడతారు. నాణేల బొమ్మలన్నీ ఒకే సైజులో వేస్తారు. పైగా స్కూల్లో తీసేది నలుపు తెలుపు జిరాక్సు. పెన్నీని గుర్తుపట్టేది దాని రాగి రంగును బట్టే. ఆ రంగు పోతే లింకన్ ఎవరో రూజ్‌వెల్ట్ ఎవరో తేల్చుకోవాల్సిన పని ఏడేళ్ల పిల్లమీద పడుతుంది. అలాంటి కాగితం మీద పిల్లవాడు తప్పు చేస్తే లెక్క రాలేదనుకోవడానికి లేదు. కాగితాన్ని పక్కన పెట్టి నిజం నాణేలతో అదే లెక్క చేయించండి. అప్పుడు సరిగ్గా చేస్తే తప్పు జిరాక్సుది.

క్వార్టర్ విషయంలో ఇబ్బంది తక్కువ. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ చేతిలో పెడితే ‘పావలా కదరా’ అంటుంది. నాలుగు పావలాలు రూపాయి, మూడు ముప్పావలా. ఈ లెక్క ఆమెకు నాలుక మీదే ఉంటుంది. మన పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లుబాటు కాకుండా పోయింది. అందుకే మనవడి తల్లిదండ్రులకంటే అమ్మమ్మకే ఈ వర్క్‌షీట్ ఎక్కువ అలవాటైన వ్యవహారం.

కొట్టువాడి లెక్క

చిల్లర ఇచ్చే పద్ధతిలో అమ్మమ్మకు తెలిసి, ఇంజినీర్ అయిన అల్లుడికి తట్టనిది ఇంకొకటుంది. మన కిరాణా కొట్టులో 365 రూపాయల సరుకు కొని 500 నోటిచ్చామనుకోండి. కొట్టువాడు తీసివేత చేయడు. ‘మూడొందల అరవై అయిదు... ఇదుగో అయిదు, డెబ్బై. ఈ ముప్పై, నాలుగొందలు. ఇదుగో వంద, అయిదొందలు’ అంటూ చేతిలో పెడతాడు. మొత్తం 135 ఇచ్చాడు. ఆ అంకె మాత్రం ఎక్కడా పలకలేదు. ధర దగ్గర మొదలుపెట్టి, మనమిచ్చిన నోటు దాకా కలుపుకుంటూ పోయాడు. క్యాష్ మిషన్లు చిల్లరెంతో చెప్పడం మొదలుపెట్టక ముందు అమెరికా కౌంటర్లలోనూ ఇదే తీరు.

మన పెన్సిల్ లెక్కను అలా చేద్దాం. 63 దగ్గర మొదలు. రెండు పెన్నీలు పెడితే 65. ఒక డైమ్ పెడితే 75. ఒక క్వార్టర్ పెడితే డాలర్. చేతిలో పడ్డవి నాలుగు నాణేలు. ఇప్పుడు వాటిని లెక్కపెట్టమంటే 25, 35, 36, 37. జవాబు దానంతటదే వచ్చింది. అది ఏ నాణేలో కూడా వచ్చేసింది.

ఇందులో వరసకు ఒక కారణముంది. చిల్లర ఇచ్చేటప్పుడు చిన్న నాణెంతో మొదలుపెడతాం, ఎందుకంటే ముందు 63ని అయిదులో ఆగే అంకెకు చేర్చాలి. పుచ్చుకున్న చిల్లరను లెక్కపెట్టేటప్పుడు పెద్ద నాణెంతో మొదలుపెడతాం, ఎందుకంటే 25 తర్వాత పది కలపడం తేలిక, రెండు తర్వాత పాతిక కలపడం కష్టం. పిల్లలు ఈ రెండు వరసలనూ కలగాపులగం చేస్తారు. నాణేలు వర్క్‌షీట్ మీద ఎలా పరిచి ఉంటే అలా ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ పోయి మధ్యలో దారి తప్పుతారు. అయిదులు లెక్కపెడుతూ, డైమ్ రాగానే పదులకు మారాల్సింది మారకపోవడం ఎక్కువగా కనిపించే పొరపాటు. జవాబు సరిగ్గా అయిదు తక్కువొచ్చిందంటే ఒక డైమ్‌ను నికెల్‌గా లెక్కవేశారన్నమాట.

కొంచెం పెద్ద పిల్లల దగ్గరికి వస్తే ఈ పద్ధతి విలువ ఇంకా తెలుస్తుంది. 6 డాలర్ల 37 సెంట్ల బిల్లుకు పది డాలర్ల నోటిచ్చాం. తీసివేతగా రాస్తే పైన 10.00, కింద 6.37. సున్నాలోంచి ఏడు పోదు, పక్కనా సున్నాయే, దాని పక్కనా సున్నాయే. అప్పు తెచ్చుకోవాలంటే మూడిళ్లు తిరగాలి. ఇక్కడ పిల్లలు రాసే తప్పు జవాబులు మూడు రకాలు. ఏ జవాబు వచ్చిందో చూస్తే ఎక్కడ జారారో తెలిసిపోతుంది.

4.37 అని రాసినవాడు అప్పు జోలికే పోలేదు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసేశాడు. 4.63 అని రాసిన పిల్ల సెంట్లను సరిగ్గానే చేసింది. కానీ ఆ వంద సెంట్లు తెచ్చుకున్నది డాలర్లలోంచేనని మరిచిపోయి, పదిలోంచి ఆరు తీసి నాలుగు వేసింది. 3.73 రాసినవాడు అప్పు తెచ్చాడు, డాలర్ తగ్గించాడు కూడా. మధ్య సున్నా తొమ్మిది కావాలన్నది ఒక్కటే వదిలేశాడు. ముగ్గురికీ కలిపి ‘తప్పు, మళ్లీ చెయ్’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. జవాబును బిల్లుకు కలిపి చూడమనాలి. 4.63, 6.37 కలిస్తే పదకొండు డాలర్లు. అంటే షాపువాడు ఒక డాలర్ ఎక్కువిచ్చాడు! అదెలా కుదురుతుందని ఆ పిల్లే అడుగుతుంది.

కలుపుకుంటూ పోయే పద్ధతిలో ఈ సున్నాల బాధే లేదు. 6.37కు మూడు పెన్నీలు వేస్తే 6.40, ఒక డైమ్ వేస్తే ఆరున్నర, రెండు క్వార్టర్లతో ఏడు, మూడు డాలర్ నోట్లతో పది. మూడు డాలర్ల 63 సెంట్లు.

తీసివేత నేర్పొద్దని కాదు నా ఉద్దేశం. నిలువుగా రాసి అప్పు తెచ్చుకునే పద్ధతి వేరే చోట్ల కావాలి. చిల్లర లెక్కలో మాత్రం దాన్ని ముందు పెట్టడం, మన ఇళ్లలో జరుగుతున్నట్టు, బండికి వెనక ఎద్దును కట్టడమే.

రాతలెక్కల్లో మాటలతో వచ్చే తంటా కూడా ఒకటుంది. ‘ఆశ దగ్గర కొంత డబ్బుంది. 65 సెంట్లతో అరటిపండు కొన్నాక 35 సెంట్లు మిగిలాయి. మొదట ఎంత ఉంది?’ అని అడిగితే, ‘మిగిలాయి’ అన్న మాట కంటపడగానే చాలామంది తీసివేత చేసి 30 అని రాస్తారు. మాటను చూసి గుర్తు ఎంచుకోమని ఎవరో చెప్పిన చిట్కా ఫలితమిది. నాణేలు పెట్టి ఆ కథను నడిపిస్తే ఈ తప్పు రాదు. పర్సులో ఉన్నదానికన్నా పండు ధరే ఎక్కువైతే ఆశ దాన్ని కొనేదెలా?

పెన్సిల్‌కు పన్ను

ఇంతకీ అర్జున్ కొన్న పెన్సిల్‌కు 37 సెంట్ల చిల్లర నిజంగా వస్తుందా? ప్లెయిన్స్‌బరోలో రాదు.

న్యూజెర్సీలో 2018 జనవరి 1 నుంచి సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం. ధర పలక మీద అది కనిపించదు, బిల్లులో కలుస్తుంది. 63 సెంట్ల పెన్సిల్‌కు పన్ను నాలుగు సెంట్లు పడుతుంది. బిల్లు 67, చిల్లర 33. వర్క్‌షీట్ 37 అంటుంది, కౌంటర్ 33 ఇస్తుంది. లెక్కను నమ్మిన పిల్లవాడు షాపువాడు మోసం చేశాడనుకుంటాడు.

దీనికి తేలికైన దారుంది. పన్ను లేని వస్తువులతో లెక్కలు అల్లడమే. ఈ రాష్ట్రంలో వండని ఆహార పదార్థాలకు, బట్టలకు సేల్స్ ట్యాక్స్ లేదు. పాలు, అరటిపండ్లు, కొత్తిమీర, కరివేపాకు, టీషర్టు ఏదైనా పనికొస్తుంది. పాలంటే ప్లెయిన్స్‌బరోకు పాత చుట్టరికం కూడా. ఒకప్పుడు వాకర్-గోర్డన్ డెయిరీ ఇక్కడే ఉండేది. గుండ్రంగా తిరిగే వేదిక మీద 50 ఆవులకు ఒకేసారి పాలు పితికే యంత్రాన్ని 1930లో అక్కడే నడిపించారు. ఆ ఊరి పిల్లల లెక్కలో పెన్సిల్‌కన్నా పాల ప్యాకెట్టే అందంగా ఉంటుంది, లెక్కా సరిపోతుంది. బొమ్మలు, కూల్‌డ్రింకులు, మిఠాయిలు మాత్రం వద్దు, వాటికి పన్నుంది. మిఠాయిల్లోనూ మళ్లీ తిరకాసు. పిండి కలిసిన చాక్లెట్‌ను చట్టం మిఠాయిగా లెక్కపెట్టదు కాబట్టి, లోపల బిస్కెట్ పొరలున్న కిట్‌క్యాట్‌కు పన్ను లేదు, ఉత్త చాక్లెట్ బార్‌కు ఉంది. రెండో తరగతికి ఈ గొడవ ఎందుకు?

పిల్లలతో నిజంగా కొనిపించాలనుకుంటే న్యూజెర్సీలో ఒక వెసులుబాటుంది. షాపులు నగదు తీసుకోమని చెప్పకూడదని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. కొన్ని మినహాయింపులున్నా మామూలు కిరాణా కొట్టుకు వర్తిస్తుంది. శనివారం ఇండియన్ స్టోర్‌కు వెళ్లినప్పుడు కొత్తిమీర కట్ట ఒక్కటీ వేరే బిల్లు వేయించి, నోటు పిల్ల చేత ఇప్పించవచ్చు. వెనక క్యూ ఉంటే వద్దులెండి.

అక్కడే మన ఊరి పాత కిటుకు కూడా నేర్పొచ్చు. 82 రూపాయల బిల్లుకు వంద ఇస్తే ‘రెండు రూపాయలుంటే చూడండమ్మా’ అంటాడు కొట్టువాడు. 102 పుచ్చుకుని ఇరవై నోటిస్తాడు. చేతిలో చిల్లర లేనివాడికి అది అవసరం, పిల్లలకు అది మంచి లెక్క. 6 డాలర్ల 35 సెంట్ల బిల్లుకు పది డాలర్లతో పాటు ఒక క్వార్టర్, ఒక డైమ్ ఇస్తే నాలుగు డాలర్లు వస్తాయి. ఎందుకలా ఇచ్చావని అడగండి. చెప్పగలిగిన పిల్లకు చిల్లర లెక్క వచ్చినట్టే.

పెన్నీ పోయాక

ఇప్పుడు ఈ వర్క్‌షీట్ కాళ్ల కింద నేలే కదులుతోంది. 1793 నుంచి ముద్రిస్తూ వచ్చిన ఒక్క సెంటు నాణేల్లో, చలామణీకి చివరిది 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైంది. ప్లెయిన్స్‌బరో నుంచి కారులో గంట ప్రయాణం. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక పెన్నీని చేసి జనంలోకి పంపడానికి 3.69 సెంట్లు ఖర్చయ్యాయి. ఉన్న పెన్నీలు ఇప్పటికీ చెల్లుతాయి. కొత్తవి రావు కాబట్టి గల్లాపెట్టెల్లో క్రమంగా తగ్గిపోతాయి.

కెనడా ఈ పని 2013లోనే చేసింది. అక్కడ నగదు బిల్లు మొత్తాన్ని దగ్గరలో ఉన్న అయిదుకు సర్దుతారు. చివర ఒకటి, రెండు ఉంటే కిందికి, మూడు, నాలుగు ఉంటే పైకి అయిదుకు. ఆరు, ఏడు ఉంటే అయిదుకు దించుతారు, ఎనిమిది, తొమ్మిది ఉంటే పదికి పెంచుతారు. కార్డుతో కడితే ఈ సర్దుబాటు ఉండదు. ఆ పద్ధతిలో అర్జున్ పెన్సిల్ బిల్లు 67 కాస్తా 65 అవుతుంది, చిల్లర 35. ఒక్క పెన్సిల్‌కు 37, 33, 35 అని మూడు జవాబులు. కాగితం మీద ఒకటి, పన్నుతో ఒకటి, పెన్నీ లేకపోతే ఇంకొకటి. మూడూ సరైనవే.

రెండో తరగతికి ఎంతో ఇష్టమైన ఇంకో ప్రశ్న మీద దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. ‘పాతిక సెంట్లను ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చు?’ అన్నది ఆ ప్రశ్న. అన్ని నాణేలూ ఉంటే పదమూడు రకాలు. డైములు లేకుండా నికెల్, పెన్నీలతో ఆరు. ఒక డైమ్‌తో నాలుగు, రెండు డైములతో రెండు, క్వార్టర్ ఒక్కటే ఇస్తే ఒకటి. పెన్నీ తీసేయండి. మిగిలేవి నాలుగే. క్వార్టర్ ఒకటి, లేదా రెండు డైములూ ఒక నికెల్, లేదా ఒక డైమూ మూడు నికెల్‌లు, లేదా అయిదు నికెల్‌లు.

నికెల్ పరిస్థితీ గొప్పగా ఏమీ లేదు. 2024లో దాన్ని చేయడానికి అయిన ఖర్చు 13.78 సెంట్లు. రేపు అది కూడా పోతే పాతిక సెంట్లకు క్వార్టర్ ఒక్కటే దారి. పెద్ద నాణెంతో మొదలుపెడితే తక్కువ నాణేలతో పని అయిపోతుందని ఇవాళ పిల్లలకు చెబుతున్న సూత్రం కూడా అప్పుడు చెల్లదు. ఉన్నవి క్వార్టర్లూ డైములే అయినప్పుడు ముప్పై సెంట్లు ఇమ్మంటే, సూత్రం ప్రకారం ముందు క్వార్టర్ తీసిన పిల్లవాడికి ఇంకా అయిదు కావాలి, ఆ అయిదు ఎక్కడా దొరకదు. క్వార్టర్‌ను వెనక్కి పెట్టేసి మూడు డైములు తీసుకోవాల్సిందే.